సర్వీసులకు సస్పెన్షన్, డిస్కుకు సన్మానం

లాప్‌టాప్ నెమ్మదించింది, డిస్కు ఎప్పుడు చూసినా నూరు శాతం చూపిస్తోంది అని నలుగురున్న చోట నోరు జారి చూడండి. మరుక్షణం మీ చుట్టూ న్యాయస్థానం కొలువుతీరుతుంది. విచారణ ఉండదు, సాక్షులుండరు, నేరుగా తీర్పే. "services.msc తెరువు, SysMain ఆపెయ్" అంటాడొకడు. "అది చాలదు, Windows Search కూడా లేపెయ్" అంటాడు రెండోవాడు. మూడోవాడు మరీ ఘనుడు. వాడి దగ్గర పద్దెనిమిది సర్వీసుల జాబితా ఉంటుంది, అన్నిటికీ ఒకటే శిక్ష: Disabled. అందులో సగం దేనికి పనికొస్తాయో వాడికి తెలియదు. తెలియకపోవడం వల్లే అంత ధైర్యం.

డిస్కు ఆరోగ్యం ఎలా ఉందో చూశావా అని మాత్రం ఏ ఒక్కడూ అడగడు. దోషి దర్జాగా లోపల తిరుగుతూనే ఉంటుంది, గిర్రున, నిమిషానికి 5400 చుట్లు.

ముందు ఆ నూరు శాతం సంగతి తేల్చుకుందాం. టాస్క్ మేనేజర్‌లో డిస్కు పక్కన కనిపించే శాతం పనికి కొలత కాదు. అది కాలానికి కొలత. రికార్డు రూములో ఒకే ఒక్క ముసలి అటెండరు ఉన్నాడనుకోండి. ఆయన పొద్దుటినుంచి కూర్చోకుండా తిరిగితే నూరు శాతం పని చేసినట్టే రాసుకోవాలి, సాయంత్రానికి తెచ్చింది రెండు ఫైళ్లే అయినా సరే. Performance ట్యాబ్‌లో దీని అసలు పేరు Active time అనే రాసి ఉంటుంది. ఎంత తెచ్చాడో చెప్పే అంకెలు దాని పక్కనే Read speed, Write speed పేర్లతో ఉంటాయి. ఒక్కో ఫైలుకు ఎంతసేపు పట్టిందో చెప్పేది Average response time. నూరు శాతం ఎర్రగా మెరుస్తుంటే ఈ చివరి అంకె వైపు కన్నెత్తి చూసేవాడు వందలో ఒకడుంటే గొప్ప.

హార్డ్ డిస్కుకు న్యాయంగా ఎంత పట్టాలో లెక్క కట్టడం పెద్ద విద్యేమీ కాదు. నిమిషానికి 5400 చుట్లంటే ఒక చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు తల కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే ఐదున్నర. తల ఆ వరస మీదికి జరగడానికి మరో పన్నెండు. మొత్తం పద్దెనిమిది దాకా. సెకనుకు యాభై, యాభై ఐదు సార్లు మించి అక్కడొకటీ ఇక్కడొకటీ వెతికి తేవడం దాని వల్ల కాదు. తెచ్చిన ప్రతిసారీ 4 కేబీ తెచ్చిందనుకుంటే సెకనుకు రెండు వందల పైచిలుకు కేబీ. పెట్టె మీద పెద్దక్షరాల్లో "1 టీబీ" అని అచ్చేసిన కంపెనీలు ఈ అంకెను ఎక్కడా వేయవు. గోదాము ఎంత పెద్దదో చెప్పి, గుమ్మం ఎంత ఇరుకో దాచిపెట్టడం వ్యాపార ధర్మం కాబోలు.

కాబట్టి ఆరోగ్యంగా ఉన్న హార్డ్ డిస్కు కూడా నూరు శాతం చూపించగలదు. నాలుగు ప్రోగ్రాములు ఒకేసారి చిల్లర పనులు చెప్తే చాలు. అప్పుడు వేగం ఒకటో రెండో ఎంబీ ఉంటుంది, స్పందన కాలం పదుల్లోనో, బాగా ఒత్తిడి ఉంటే వందల్లోనో ఉంటుంది. జబ్బు డిస్కు చూపించే నూరు వేరు. వేగం సున్నా దగ్గర తచ్చాడుతుంది, స్పందన కాలం వేలల్లోకి ఎక్కుతుంది. పైన అంకె ఒకటే, కింద కథలు రెండు. సస్పెన్షన్ ఉత్తర్వులు రాసేవాళ్లు పై అంకె చూసే సంతకం పెడతారు.

మా బావగారి లాప్‌టాప్ ఈ న్యాయస్థానాలన్నిటినీ చూసి వచ్చింది. బావగారు తెనాలిలో హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. లాప్‌టాప్‌లో విండోస్ 10, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కు. ఇద్దరు పిల్లల పెళ్లి ఫొటోలు, పింఛను కాగితాల స్కాన్లు, పాత ప్రశ్నపత్రాలు అన్నీ అందులోనే. రెండో కాపీ ఎక్కడా లేదు. దుకాణంవాడు అమ్మేటప్పుడు "జీవితాంతం ఫొటోలు పెట్టుకోవచ్చు సార్" అన్నాడట. ఎవరి జీవితాంతమో వాడూ చెప్పలేదు, ఈయనా అడగలేదు.

డాలస్‌లో ఉన్న మేనల్లుడు వీడియో కాల్‌లో వైద్యం మొదలుపెట్టాడు. మొదటి బలి SysMain. విస్టా కాలంలో దీని పేరు Superfetch. మీరు రోజూ ఏ ప్రోగ్రాములు తెరుస్తారో గమనించి, వాటిని ఖాళీ ర్యామ్‌లోకి ముందే తెచ్చిపెట్టే సేవకుడు. ఆపగానే డిస్కు నూరు నుంచి అరవైకి దిగింది. అటూ ఇటూ హర్షధ్వానాలు. కాసేపటికి మళ్లీ నూరు. ఈసారి అదనంగా బ్రౌజర్ తెరుచుకోవడం కూడా ఆలస్యమైంది, ముందే తెచ్చిపెట్టేవాణ్ణి ఇంటికి పంపేశారు గనక.

అనుమానం రావడం తప్పు కాదు. పరీక్షించే పద్ధతే తప్పు. సర్వీసును Disabled చేసి మర్చిపోవడం పరీక్ష కాదు. దాన్ని Stop మాత్రమే చేయాలి, Startup type జోలికి పోకూడదు. అలా ఆపి పావుగంట స్పందన కాలం చూడాలి. శాతం తగ్గి, స్పందన కాలం కూడా పదుల్లోకి దిగి అక్కడే నిలిస్తే ఆ సర్వీసుకూ రద్దీకీ సంబంధం ఉన్నట్టే. శాతం కాసేపు తగ్గినా స్పందన కాలం వేలల్లోనే ఉంటే సర్వీసు నిర్దోషి, గౌరవంగా వెనక్కి పిలవాలి. రీస్టార్ట్ చేస్తే అదే తిరిగి డ్యూటీలో చేరుతుంది. Disabled చేసినదాన్ని మాత్రం ఎవరూ పిలవరు. రెండేళ్ల తర్వాత స్టార్ట్ మెనూలో వెతికితే ఫైళ్లు దొరకడం లేదని ఇంకో న్యాయస్థానానికి పోతారు.

రెండో బలి అదే, Windows Search. టాస్క్ మేనేజర్‌లో SearchIndexer.exe పేరుతో కనిపిస్తుంది. మీ డాక్యుమెంట్లు, ఫొటోలు, మెయిళ్లు తిరగేసి ఏ మాట ఎక్కడుందో సూచిక రాసుకోవడం దాని పని. కొత్త లాప్‌టాప్‌లోనో, వేల ఫైళ్లు ఒక్కసారి కాపీ చేశాకనో ఇది గంటల తరబడి డిస్కును పట్టుకు కూర్చోవడం నిజమే. ఆ మాట తనే చెబుతుంది కూడా. కంట్రోల్ ప్యానెల్‌లో Indexing Options తెరిస్తే పైనే రాసి ఉంటుంది: ఎన్ని చేర్చిందో, పని ముగిసిందో లేదో, మీరు వాడుతున్నారని తను వేగం తగ్గించుకుందో. Indexing complete అని ఉండగా డిస్కు ఇంకా నూరులో ఉందంటే ఇండెక్సింగ్‌ను తిట్టడం బోడిగుండుకూ మోకాలికీ ముడివేయడమే.

బావగారి దగ్గర అలా లేదు. చేర్చాల్సినవి వందల్లో మిగిలి ఉన్నాయి, ఆ అంకె గంట గడిచినా కదలడం లేదు. మేనల్లుడు అక్కడే ఉన్న Rebuild మీట నొక్కించాడు. అంటే రాసిన సూచికనంతా చించేసి మొదటి పేజీ నుంచి రాయమని ఆజ్ఞ. డిస్కు ఊపిరి అందక కొట్టుకుంటుంటే ఉన్న ఫైళ్లన్నీ ఇంకోసారి చదవమనడం! పాపం, అక్కడ అర్ధరాత్రి, వాడికీ నిద్ర.

లాప్‌టాప్ నా చేతికొచ్చాక నేను చూసింది రిసోర్స్ మానిటర్. resmon అని టైపు చేస్తే వస్తుంది. Disk ట్యాబ్‌లో Disk Activity కింద ఏ ప్రోగ్రాము ఏ ఫైలును ఎంతసేపుగా చదువుతోందో వరుసగా ఉంటుంది. Response Time శీర్షిక మీద నొక్కితే ఎక్కువసేపు పట్టినవి పైకి వస్తాయి. అన్నిటికన్నా పైన SearchIndexer.exe, దాని ఎదురుగా పెద్దమ్మాయి పెళ్లి ఫోల్డర్లో ఒక ఫొటో, దాని ఎదురుగా ఏడు వేల పైన మిల్లీసెకన్లు. ఒక్క ఫొటో ముక్కకు ఏడు సెకన్లు! I/O Priority గడిలో Background అని ఉంది. అంటే ఆ అనుమానితుడు అందరి వెనకా నిలబడి, దారి ఇస్తూ తన పని చూసుకుంటున్నవాడు.

Windows Search ఆపాను. వరస మాయమైంది. డిస్కు నెమ్మదించింది. ఇక్కడితో ఆగితే నేనూ న్యాయస్థానంలో సభ్యుణ్ణే. బావగారితో, "ఆ ఫోల్డర్ ఒకసారి తెరవండి బావగారూ" అన్నాను. తెరిచారు. డిస్కు మళ్లీ నూరు. ఈసారి పైన ఉన్న పేరు explorer.exe. ఎదురుగా అదే ఫొటో, అవే వేల మిల్లీసెకన్లు. ప్రోగ్రాము పేరు మారింది, ఫైలు మారలేదు. ఎవరు వెళ్లి అడిగినా అదే చోట గుటకలు మింగుతోందంటే అడిగినవాడిది కాదు తప్పు. ఇన్నాళ్లూ నేరస్థుడని బోనులో నిలబెట్టిన ఇండెక్సింగ్ నిజానికి ప్రత్యక్ష సాక్షి. ఎవరూ తెరవని ఫొటోల్ని కూడా తిరగేసి, లోపల కుళ్లు మొదలైందని ముందుగా చెప్పింది అదే. దాని నోరు నొక్కితే బావగారికి ఏ మనవడి పెళ్లికో ఆ ఆల్బమ్ తెరిచినప్పుడు తెలిసేది.

లోపల జరిగేదేమిటంటే, పళ్లెం మీద ఒక సెక్టారు సరిగా చదవడం కుదరకపోతే డిస్కు తప్పైందని వెంటనే ఒప్పుకోదు. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు అంటూ సెకన్ల తరబడి అక్కడే తిరుగుతుంది. అంతసేపూ వెనక వరసలో నిలబడ్డవన్నీ ఆగిపోతాయి. మౌస్ కదులుతుంది, కిటికీలు తెరుచుకోవు. ఆ కాలమంతా Active time ఖాతాలోకే పోతుంది గనక శాతం నూరు, తెచ్చింది సున్నా.

అనుమానం తీరాలంటే ఈవెంట్ వ్యూయర్‌లో Windows Logs కింద System తెరిచి, మూలం disk అని ఉన్నవాటిని చూడాలి. బావగారి దాంట్లో 153 నంబరు వరసకట్టి ఉంది: చదవమన్న పనిని మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చిందని దాని అర్థం. మధ్య మధ్య 7 నంబరు, అది నేరుగా చెడ్డ బ్లాకు ఉందనే చెబుతుంది. మొదటి ఎంట్రీ నెలల కిందటిది. విండోస్ అన్ని నెలలుగా అర్జీలు రాసి దస్త్రంలో పెడుతూనే ఉంది. మన ఆఫీసుల్లో లాగే అక్కడా అర్జీ రాయడం ఒకరి పని, చదవడం ఎవరి పనీ కాదు.

ఆ తర్వాత స్మార్ట్ లెక్కలు, డిస్కు తన గురించి తనే రాసుకునే డైరీ. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము దాన్ని తెరిచి చూపిస్తుంది. పసుపు రంగులో Caution అని ఉంది. చూడాల్సినవి మూడే గళ్లు. 05 అంటే చెడిపోయి వేరే చోటికి మార్చిన సెక్టార్లు. C5 అంటే చదవలేకపోయి, ఏమి చేయాలో తేలక పెండింగులో పెట్టినవి. C6 అంటే డిస్కు తనంతట తాను పరీక్షించుకున్నప్పుడు కూడా చదవలేకపోయినవి. C5 ఎదురుగా సున్నాల చివర 98 ఉంది. బావగారు "తొంభై ఎనిమిదేగా" అన్నారు. లెక్కల మాస్టారే, కాని ఆ గళ్లలో అంకెలు మామూలుగా పదహారు ఆధారంగా వేస్తారు. తొమ్మిది పదహార్లు నూట నలభై నాలుగు, దానికి ఎనిమిది కలిపితే నూట యాభై రెండు. చెప్పగానే ఆయనే మనసులో లెక్క కట్టి మౌనంగా తలూపారు.

ఈ మూడూ సున్నాలుండి C7 ఒక్కటే పెరుగుతుంటే కథ వేరు. అప్పుడు పళ్లెం కాదు, డిస్కును బోర్డుకు కలిపే కేబులో కనెక్టరో అనుమానించాలి. చవకలో పోయే జబ్బు అదొక్కటే.

మేనల్లుడు ఇదంతా విని ఫోన్లోనే అడ్డు తగిలాడు. "మామయ్యా, నేను చెక్ చేయించా, స్టేటస్ OK అని వచ్చింది" అని. వచ్చే ఉంటుంది. ఆ OK తయారీదారు పెట్టుకున్న గీత దాటేదాకా OK గానే ఉంటుంది, ఆ గీత చాలా దూరంలో ఉంటుంది. 2007లో గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కుల లెక్కలు ప్రచురించారు. తనిఖీలో మొదటిసారి లోపం కనబడ్డ డిస్కు, ఏ లోపమూ లేనివాటితో పోలిస్తే ఆ తర్వాతి 60 రోజుల్లో చచ్చే అవకాశం 39 రెట్లు ఎక్కువని తేలింది. అవి సర్వర్లలో రాత్రింబవళ్లు తిరిగిన డిస్కులు, బావగారిది పేకాట మధ్యలో తిరిగేది. రెట్లు అటూ ఇటూ కావచ్చు, దిక్కు మాత్రం అదే. అదే పరిశోధనలో ఇంకో మాట కూడా ఉంది: చచ్చిన డిస్కుల్లో సగానికి పైగా ఈ ముఖ్యమైన గళ్లలో ఏ హెచ్చరికా లేకుండానే పోయాయి. అంటే స్మార్ట్ చెడ్డమాట చెబితే నమ్మాలి, మంచిమాట చెబితే నమ్మనక్కర్లేదు. సర్టిఫికెట్లంటే ప్రాణం పెట్టే మన జాతి సరిగ్గా దీన్నే తిరగేసి పాటిస్తుంది.

ఇక వీధి చివరి దుకాణం. అక్కడ రోగం ఏదైనా మందు రెండు రకాలే: chkdsk కొడదాం, ఫార్మాట్ కొడదాం. రెండిట్లోనూ కొట్టడమే.

chkdsk /r డిస్కులో ప్రతి సెక్టారునూ మొదటి నుంచి చివరి దాకా చదువుతుంది. ఆరోగ్యంగా ఉన్న 1 టీబీకే గంటలు పడుతుంది. చదవలేని చోట సెకన్ల చొప్పున ఆగే డిస్కుకు ఎంత పడుతుందో, మధ్యలో అదే పోతుందో ఎవరూ చెప్పలేరు. ఫొటోలు బయటికి తీయకముందు దీన్ని నడిపితే, మిగిలిన ఆయుష్షును ఫొటోల కోసం కాక ఖాళీ సెక్టార్లను పరామర్శించడానికి ఖర్చు పెట్టినట్టు.

ఫార్మాట్ మాయ ఇంకా గొప్పది. పెండింగులో ఉన్న సెక్టారు మీద కొత్తగా రాయగానే డిస్కుకు తలనొప్పి తీరిపోతుంది. పాతది చదవాల్సిన పని ఇక లేదు గనక, అక్కడే రాయగలిగితే రాస్తుంది, లేకపోతే వేరే చోటికి మార్చి 05 ఖాతాలో వేసుకుంటుంది. C5 తగ్గుతుంది. లాప్‌టాప్ పరుగెడుతుంది. దుకాణదారు ఐదొందలు తీసుకుంటాడు, "చూశారా, వైరస్ సార్" అంటాడు. కొన్ని వారాలకు పక్క సెక్టార్లు అదే దారి పడతాయి. మళ్లీ ఐదొందలు. ఇంత నమ్మకమైన ఆదాయం బ్యాంకు డిపాజిట్ మీద కూడా రాదు.

మేం మొదట చేసింది ఫొటోలు బయటికి తీయడం. ఇక్కడా ఒక గొయ్యి ఉంది. విండోస్‌లోనే ఉండే robocopy ఈ పనికి బాగుంటుంది, కాని దాని సహనం భీష్ముడిది. ఏ ఫైలైనా రాకపోతే 30 సెకన్లు ఆగి మళ్లీ అడుగుతుంది, మనం వద్దనకపోతే పది లక్షల సార్లు అడుగుతుంది. వద్దని చెప్పాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా:

```
robocopy "%USERPROFILE%\Pictures" E:\Pictures /E /XJ /R:0 /W:0 /LOG:E:\copy.txt
```

E: బయటి డిస్కు. R, W సున్నాలు "అడిగింది చాలు, ముందుకు పద" అని చెబుతాయి. రాని ఫైళ్ల పేర్లు copy.txtలో మిగులుతాయి. డిస్కు లోపల చేసే మొండి ప్రయత్నాలను మాత్రం ఇది ఆపలేదు, చెడ్డ ఫైలు దగ్గర ఆ కాసేపు ఓపిక పట్టాల్సిందే. చివరికి పద్నాలుగు ఫొటోలు రాలేదు. అందులో వియ్యంకుడితో బావగారు నవ్వుతూ దిగిన ఒకే ఒక్క ఫొటో ఉందట. అక్కయ్య మాత్రం అదేం పెద్ద నష్టం కాదంది.

తర్వాత 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ 8 జీబీ చేయించి, విండోస్ కొత్తగా ఎక్కించాం. పాత డిస్కును ఉన్నదున్నట్టు క్లోన్ చేయమని ఒక సలహా వచ్చింది. చదవలేని సెక్టార్ల దగ్గర ఆ పనీ నడుం వాలుస్తుంది, నడిచినా పాడైన ఫైళ్లే కొత్త ఇంటికి దిగుతాయి. కొత్త విండోస్‌లో SysMain, Windows Search రెండూ డ్యూటీలోనే ఉన్నాయి. మొదటి రాత్రి ఇండెక్సింగ్ తన పని తాను చేసుకుపోయింది. స్పందన కాలం ఒక మిల్లీసెకను లోపే ఉంది. అదే సర్వీసులు, అవే ఫొటోలు.

సర్వీసులన్నీ ఎప్పుడూ నిర్దోషులేనని నేను అనడం లేదు. డిస్కు ఆరోగ్యంగా ఉండి నూరు చూపిస్తుంటే, రిసోర్స్ మానిటర్‌లో పై వరసలో ఏముందో చూడాలి. TiWorker.exe ఉంటే అప్‌డేట్ ఎక్కుతోంది, కానివ్వండి. MsMpEng.exe అయితే యాంటీవైరస్ తనిఖీ, దాన్ని మీరు వాడని వేళకు మార్చుకోవచ్చు. pagefile.sys అయితే ర్యామ్ చాలక విండోస్ డిస్కునే ర్యామ్‌గా వాడుకుంటోంది. Memory ట్యాబ్‌లో Hard Faults సెకనుకు వందల్లో ఎగురుతుంటే అది ఖాయం. 4 జీబీలో ఇరవై ట్యాబులు తెరిచి SysMainను ఉరి తీస్తే ర్యామ్ పెరగదు.

పాత డిస్కు గురించి దుకాణంవాడు మంచి బేరమే చెప్పాడు. ఇచ్చేస్తే ఎస్‌ఎస్‌డీ బిల్లులో రెండొందలు తగ్గిస్తాడట. దేనికని అడిగితే నిజాయితీగానే చెప్పాడు, పూర్తి ఫార్మాట్ చేసి పెట్టెలో బిగిస్తే 1 టీబీ ఎక్స్‌టర్నల్ అవుతుందని. సున్నాలు రాశాక C5 సున్నా అవుతుంది. కాని 05 గడిలోని లెక్క, 09 గడిలో ఇప్పటిదాకా తిరిగిన గంటల లెక్క ఫార్మాట్‌తో చెరిగిపోవు. అలాంటి పెట్టె కొనేవాడెవడైనా కౌంటరు దగ్గరే ఆ రెండు గళ్లు చూపించమని అడగాలి. బావగారు డిస్కు ఇవ్వలేదు. దానిలోని పళ్లేన్ని బయటికి లాగి పటం కట్టిస్తానంటున్నారు, అక్కయ్య ఒప్పుకోవడం లేదు.